ఏటి బెహన్‌జీ టీషర్టులు

ఛానల్ మూసేద్దామని ఛాయ నిశ్చయించుకుంది. స్టీల్ ప్లాంట్ క్వార్టర్లలో ఆడవాళ్ల కబుర్లను అనుకరిస్తూ మూడేళ్లుగా వీడియోలు చేసింది. ఆమె ఊతపదం "ఏటి బెహన్‌జీ!" భిలాయి తెలుగువాళ్ల నోళ్లలో నానుతోందని మురిసిపోయింది కూడా. ఆ మురిపెం, ఆ మాటా తన బొమ్మా అచ్చేసి అమ్మబోయిన టీషర్టుల దగ్గర తేలిపోయింది.

లైకులు కొట్టినవాళ్లందరూ కొనరని, కావలసినవాళ్లు వంద రూపాయలు అడ్వాన్సు కట్టాలని పెట్టించింది ఛాయే. లెక్కలూ కామెంట్లూ చూసేది పిన్ని కొడుకు ఉదయ్‌కుమార్. డబ్బు వాడి ఫోనుకే వస్తుంది. తొమ్మిదిమందే కట్టారన్నాడు.

ఇద్దరూ కూర్చుని లెక్క వేశారు. ముందే సరుకు తెప్పిస్తే కనీసం వంద కొనాలి, అచ్చుతో కలిపి ఒక్కోటి నూట డెబ్బై. మూడువందల తొంభై తొమ్మిదికి అమ్మితే, ప్యాకింగు, కొరియరు డెబ్బై అయిదు పోను నూట యాభై నాలుగు మిగులుతుంది. ఊరించే లాభమే. కానీ పెట్టిన పదిహేడు వేలు వెనక్కి రావడానికే యాభై మూడు అమ్ముడవాలి. ఆర్డరు వచ్చాక అచ్చు వేసి పంపే కంపెనీకైతే పెట్టుబడి అక్కర్లేదు. కానీ నాలుగువందల తొంభై తొమ్మిదికి అమ్మినా, వాళ్లకూ కొరియరుకూ పోగా చేతికి అరవై తొమ్మిదే.

"తొమ్మిదిమందిని చూసి పదిహేడు వేలు తగలేస్తామేటక్కా?" అన్నాడు ఉదయ్.

నిజమేనని, ఆ తొమ్మిదిమందికీ అడ్వాన్సు వెనక్కిచ్చెయ్యమని, కంపెనీకే అప్పగించింది. నాలుగు నెలల్లో అమ్ముడైనవి ఆరు.

ఛానల్ మూసేద్దామని ఉదయ్‌తో అన్న సాయంత్రమే సెక్టర్ 4 బజార్లో ఒక కాలేజీ పిల్ల పరుగెత్తుకొచ్చింది. "ఛాయా దీదీ! ఏక్ సెల్ఫీ!"

ఆ పిల్ల ఒంటిమీద పసుపు టీషర్టు, దానిమీద ఛాయ బొమ్మ. కంపెనీలో పెట్టించింది నలుపొక్కటే.

"ఇదెక్కడ కొన్నావమ్మా?"

"మీ దగ్గరే కదా దీదీ! హండ్రెడ్ అడ్వాన్స్ కట్టేను, మిగతాది డెలివరీలో ఇచ్చేను. మా క్యాంప్ 2 బస్తీలోనే ఇరవైమందిమి తీసుకున్నాం. ఉదయ్ భయ్యానే తెచ్చిచ్చాడు."

ఫోటోకి ఎలా నవ్విందో ఛాయకే తెలియదు. నేరుగా పిన్ని ఇంటికి వెళ్లింది.

"నిజానికి ఎంతమంది కట్టేర్రా?"

ఉదయ్ బుకాయించలేదు. ఆ మాత్రం సిగ్గు మిగిలింది కాబోలు. "నూట నలభైమంది. సరుక్కి డబ్బు నాదేనక్కా. రిస్క్ నాదే."

"అంతమంది ముందే కట్టేక రిస్కేటిరా? లాభం కావాలంటే అడగొచ్చు కదా, మొత్తం ఇచ్చేసేదాన్ని."

వాడు నేల చూపులు చూశాడు.

"తొమ్మిదిమందే అన్నావు. నన్ను చూసి నవ్వుతారు గానీ నేనెవరికీ అక్కర్లేదనుకున్నాన్రా. నాలుగు నెలల్నుంచి కెమెరా ముందు నోరు పెగలడం లేదు నాకు. ఛానల్ మూసేద్దామంటే, నీ ఇష్టం అక్కా అన్నావు. అప్పుడైనా చెప్పలేకపోయావా?"

ఉదయ్ వంగి మంచం కిందనుంచి ఓ కవరు లాగి, ఆమె చేతిలో పెట్టబోయాడు.

"మీడియం ఒకటి మిగిలిందక్కా. నీకోసమే ఉంచేను."