కన్ను తెరిచాకే కరచాలనం

ఆళ్లగడ్డ ఓబులేసుకు ఎంత పెద్ద బండరాయినైనా చూస్తే భయం లేదు గానీ, ఎదుటి మనిషి చేయి చాపితే మాత్రం చెమటలు పట్టేవి. వచ్చిన చిక్కల్లా అదే. ఫ్రాన్సులో పాత చర్చీల రాతిపని బాగుచేసే కార్ఖానా వాళ్లు ఒక శిల్పిని వెతుకుతూ, ఓబులేసు పనిని ఫొటోల్లో చూసి ముచ్చటపడ్డారు. కార్ఖానా పెద్ద క్లేర్ మేడమ్ స్వయంగా వచ్చి, మనిషిని చూసి సరే అనాలట. ఆ సరే కోసం అతని ప్రాణం కొట్టుకుంటోంది.

అందుకే వీలైనప్పుడల్లా బస్సెక్కి నంద్యాల పోయేవాడు. అక్కడ వినీత అనే ఆమె, ఫ్రాన్సులో కొన్నేళ్లు ఉద్యోగం చేసి వచ్చి, విదేశాలకు పోయేవాళ్లకు మర్యాదలు నేర్పుతుంది. జపాను పోయే ఇంజనీరు చేత చేతులు తొడల పక్కన పెట్టించి నడుము వంచిస్తూనే, ఓబులేసు మీద ఒక కన్నేసేది.

"అదేం చేయన్నా, వాడిపోయిన తోటకూర కాడ మాదిరి? గట్టిగా పట్టు. కండ్లలోకి చూడు. ఒకటి రెండు ఊపులు ఊపి వదిలెయ్. రెండు చేతుల్తో పట్టుకోని వంగద్దు, ఆమేమన్నా ఎమ్మెల్యేనా?"

"సరేలేమ్మా."

"ఆడ పొద్దున పనిలోకి పోతానే ఒక్కొక్కరికీ బోంజూర్ చెప్పి చేయియ్యాల. ఇచ్చినోళ్లకే ఆ పొద్దు మళ్లీ ఇయ్యద్దు, మర్చిపోయినావనుకుంటారు. ఎవురన్నా చాపిన చేయిని గాల్లో వదిలేసినావనుకో, అంతకు మించిన అవమానం లేదు."

"మరి ఆ బుగ్గల కత?"

"అది నువ్వు మొదలుపెట్టద్దు. ఎరుకైనోళ్లు వాళ్లే ముందుకొస్తే బుగ్గకు బుగ్గ ఆనించి, గాల్లో ముద్దు చప్పుడు చెయ్యాల. పెదాలు తగలగూడదు. ఎన్నిసార్లనేది ఊరికో లెక్క, శానా చోట్ల రెండు."

ఇంటికొచ్చి, సగం చెక్కిన ద్వారపాలకుడి బుగ్గల మీద అభ్యాసం మొదలుపెట్టాడు మహానుభావుడు. భార్య ప్రవళిక చూడనే చూసింది.

"పెండ్లయి ఇన్నేండ్లాయె, నన్నెప్పుడన్నా ఇంత మర్యాదగా పలకరించినావా?" అంది.

"ఆ రాయి బుగ్గలు అరిగిపోతాండాయి, ఇడ్సిపెట్టుప్పా," అన్నాడు తండ్రి వీరాచారి, తల ఎత్తకుండానే. కొడుకుతో ఆయన మాట్లాడేది రాయి గురించే. చిన్నప్పుడు ఉలి పట్టు సరిచేయడానికి తప్ప వాడి చేయి ముట్టింది లేదు.

అంతా కుదిరిందనుకునేసరికి మేడమ్ ఒకరోజు ముందే వస్తున్నట్టు కబురొచ్చింది. సరిగ్గా ఆ రోజే ఓబులేసు చెక్కిన అమ్మవారి విగ్రహానికి చివరగా కనుపాపలు తీర్చి కళ్లు తెరవాలి. చేయించుకున్న ఊరివాళ్లు బండి కట్టించుకుని వచ్చి కూర్చున్నారు. తలస్నానం చేసి, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా, కన్ను తెరిచేదాకా శిల్పి ఎవరినీ తాకకూడదని ఆ ఇంటి ఆనవాయితీ.

కారు దిగిన క్లేర్ మేడమ్ నవ్వుతూ నేరుగా వచ్చి చేయి చాపింది. ఓబులేసు రెండడుగులు వెనక్కి వేసి, చేతులు వీపు వెనక దాచుకున్నాడు. మేడమ్ చేయి గాల్లోనే ఉండిపోయింది. మాటలు అనువదించడానికి వెంట వచ్చిన వినీత ముఖం మాడిపోయింది.

నేర్చుకున్నదంతా ఏట్లో కలిసినట్టే. అయినా మనసు దిటవు చేసుకుని కుడి అరచేయి గుండెల మీద ఆనించి, ఆమె కళ్లలోకి చూసి, "బోంజూర్ మదాం" అన్నాడు. తర్వాత వినీత వైపు తిరిగి, "ఆయమ్మ మీద అలుసు కాదని చెప్పుమ్మా. అమ్మోరి కండ్లు తెరిసేదాకా నేనెవుర్నీ ముట్టకూడదు. పెండ్లాన్నీ ముట్టలే. కాసేపు కూచుంటుందేమో అడుగు," అన్నాడు.

వినీత చెప్పింది. మేడమ్ చేయి దించుకుంది. నవ్వలేదు. ఒక రాయి చూసుకుని కూర్చుంది, అంతే.

ఓబులేసు సన్న ఉలి తీసుకున్నాడు. పని పోయిందేమోనన్న దిగులు ఎంత తోసినా పోదు, కానీ ఆ చేతికి వణుకు రాకూడదు. రాలేదు. రెండు కనుపాపలూ తీర్చి, అమ్మవారికి అద్దం చూపి, మేడమ్ దగ్గరికొచ్చి, దుమ్ము చేతినే చాపాడు.

మేడమ్ లేచి గట్టిగా పట్టుకుంది. ఆమె అరచేయి కూడా ఉలి పట్టి కాయలు కాసిందే. ఆమె చెప్పింది విని వినీత నవ్వింది.

"అన్నా, మొదట కోపమొచ్చిందంట. అయినా నీ చేతిపని చూస్తా కూచున్నాక పోయిందంట. ఉగాది దాటినాక రమ్మంటాంది."

మేడమ్ ఒక్కొక్క పనివాడి దగ్గరికీ పోయి చేయి కలుపుతోంది. వీరాచారి వంతు కూడా అయింది. ఆయన తన అరచేయిని కాసేపు చూసుకుని కొడుకు ముందుకొచ్చి నిలబడ్డాడు.

కొడుకు తన కాళ్లకు వంగబోతే ఆపి, బిర్రబిగుసుకుని కుడిచేయి చాపాడు.

ఓబులేసు పట్టుకున్నాడు. ఒకటి రెండు ఊపులు అయ్యాయి. వీరాచారి వదల్లేదు.