రద్దు కాని గది

సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ చిన్న హోటల్లో రిసెప్షన్ అమ్మాయిని తోటివాళ్లంతా చిలక అనేవారు. ముద్దుకు కాదు. చేరిన కొత్తలో ఎవరేం అడిగినా నేర్పిన ముక్కే అప్పజెప్పేది: "క్షమించండి, మా నిబంధనల ప్రకారం వీలుపడదు." ఒక పెద్దమనిషి ఆ మాటకు ఒళ్లు మండి, "దీనికంటే గోడతో మాట్లాడుకోవడం నయం" అని హోటల్ గురించి నెట్‌లో రాసి వెళ్లాడు. ఆ రోజంతా ఆమెకు తిండి సహించలేదు.

ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. అవతల నడివయసు ఆవిడ.

"అమ్మా, శనివారానికి రెండు మంచాల గది తీసుకున్నాను. అది రద్దు చేసి నా డబ్బులు నాకు పంపించేయండి."

చిలక కంప్యూటర్‌లో బుకింగ్ తీసి చూసింది. రద్దు చేసుకున్నా డబ్బు తిరిగిరాని తక్కువ ధర అది. మొత్తం ముందే కట్టేసి ఉంది.

"ఏమైందండీ? అంతా కులాసాయేనా?"

"ఏం కులాసా! నేనూ మా చెల్లెలూ మాట్లాడుకుని ఏళ్లయింది. ఎలాగో బతిమాలి, రెండు రోజులు కలిసుందామని ఒప్పించాను. పొద్దున ఫోన్లో మళ్లీ మాటా మాటా పెరిగింది. రానని తెగేసి చెప్పింది. ఒంటిదాన్ని అక్కడికొచ్చి ఏం చేయను, అలలు లెక్కపెట్టుకోనా?"

'మేనేజర్ గారిని అడిగి చూస్తానండీ' అనేస్తే ఆ పూటకు గండం గడిచేది. ఆ మాట చిలక నాలిక చివరిదాకా వచ్చింది. కానీ జవాబు తనకు తెలుసు. తెలిసీ ఆవిణ్ని ఆశపెట్టి కూర్చోబెట్టడానికి మనసొప్పలేదు.

"అంత బతిమాలి ఒప్పించుకున్నాక ఇలా అయితే ఎవరికైనా కష్టంగానే ఉంటుందండీ. మీరు ఎదురుచూస్తూ ఉండకూడదని ముందే చెప్పేస్తున్నాను. ఈ డబ్బు వెనక్కివ్వలేం. మా దగ్గర రద్దుకు వీలున్న ధర ఒకటి, లేని ధర ఒకటి ఉంటాయి. మీరు తీసుకున్నది రద్దుకు వీల్లేనిది. అందుకే తక్కువకొచ్చింది."

"అవన్నీ నేనెక్కడ చదివానమ్మా! తక్కువగా కనిపించింది, నొక్కేశాను."

"నేనైనా అదే నొక్కేదాన్నండీ."

"పోనీ, ఆ గది ఇంకొకరికి అమ్ముకోండి. మీకు పోయేదేముంది?"

"అమ్ముడుపోతుందని మాటివ్వలేనండీ. ఆ రోజుకు ఇంకా చాలా గదులు ఖాళీగానే ఉన్నాయి."

"మీకేం, తియ్యగా చెప్తారు. పోయేది నా సొమ్ము."

"నిజమేనండీ," అంది చిలక. ఫోన్ పెట్టేయలేదు. అవతల ఆవిడ ముక్కు చీదుకోవడం వినిపించింది.

చిలక నెమ్మదిగా చెప్పింది. "డబ్బు విషయం మారదండీ. గది మీకు ఇంకోలా ఉపయోగపడే దారేమైనా ఉందేమో కనుక్కుని, సాయంత్రంలోపు నేనే ఫోన్ చేస్తాను."

మేనేజర్ ఉతికొచ్చిన దుప్పట్లు సరిచూసుకుంటున్నాడు. సంగతి విని తల అడ్డంగా ఊపాడు. "ఈ ధరకు తేదీ మార్పు కూడా లేదు కదమ్మా. ఒకరికి మారిస్తే రేపు ఇంకొకరిని కాదనడానికి మనకు నోరుండదు. పేరు మార్పుకైతే అడ్డు లేదు. ఎవరొచ్చినా గుర్తింపు కార్డు చూపిస్తే చాలు."

చిలక ఆ మాటే చేరవేసింది. "మీ చెల్లెలి బదులు ఇంకెవరినైనా తెచ్చుకోవచ్చండీ. మీకు రావాలని లేకపోతే గది వేరేవాళ్లకైనా ఇచ్చేయొచ్చు. పేరు చెప్తే మార్చేస్తాను, దానికి డబ్బేమీ అక్కర్లేదు."

"చూద్దాంలే," అని ముక్తసరిగా చెప్పి ఆవిడ ఫోన్ పెట్టేసింది. చిలక ఉసూరుమంది. ఇంత చేసినా చివరికి కాదన్నది తనేగా.

శుక్రవారం ఆవిడే ఫోన్ చేసి ఒక పేరు చెప్పింది. మర్నాడు ఇద్దరు ఆడవాళ్లు దిగారు. రెండో ఆవిడ మాట గేటు దగ్గరినుంచే వినిపిస్తోంది.

"మా తోడికోడలు," అంది ఫోన్ చేసిన అక్కగారు, కార్డులు బల్ల మీద పెడుతూ. "డబ్బులివ్వమంటే ఇవ్వకుండా ఈవిణ్ని నాకు అంటగట్టారు."

"నేను గురక పెడతానని ముందే చెప్పానమ్మాయ్," అంది తోడికోడలు. "ఈవిడే, పర్లేదు రా, గది ఎలాగూ దండగైపోతోంది అంది. ఇంతకంటే ముచ్చటగా పిలిచినవాళ్లు లేరు నన్ను!"

చిలకకు నవ్వాగలేదు. సముద్రం కనిపించే వైపు గది ఖాళీగా ఉంటే, మేనేజర్‌ను అడిగి అదే ఇచ్చింది.

ఆ రెండు రోజులూ తోడికోడళ్లిద్దరూ చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో తిరగడం అద్దాల్లోంచి కనిపిస్తూనే ఉంది. ఒకసారి గట్టిగా వాదించుకున్నారు. ఒకసారి ఒకే గొడుగు కింద మౌనంగా కూర్చున్నారు.

వెళ్లే రోజు తాళం ఇచ్చాక అక్కగారు బల్ల దగ్గరే నిలబడిపోయింది.

"దాచడమెందుకు, ఆ డబ్బు వెనక్కిచ్చుంటే బాగుండేదని నాకింకా ఉంది."

"ఉంటుందండీ."

"నువ్వు నన్ను తిప్పుకోకుండా ఉన్నమాట చెప్పావు. అది బాగుంది." ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుంది. "వచ్చే నెలలో ఇంకోసారి రావాలి. రాత్రి మా చెల్లెలు ఫోన్ చేసింది. తోడికోడల్ని తీసుకెళ్లావు, నన్ను మాత్రం మళ్లీ అడగలేదు అని అలిగింది."

చిలక ముఖం విప్పారింది. "ఏ ధరకు వేయమంటారండీ?"

"ఖరీదైనదే వెయ్యి తల్లీ, రద్దు చేసుకోవడానికి వీలుండేది," అంది ఆవిడ. "మా చెల్లెలి సంగతి నీకు తెలీదు."