గోడవైపు తిరిగి

మా అత్త వెంకటలక్ష్మమ్మ నోట్లోంచి ఒక మాట వచ్చిందంటే దాన్ని వెనక్కి తీసుకునే మనిషి కాదు. నా కూతురు సుంకులమ్మకు గాలి సోకిందని ఆమె ఎప్పుడో తేల్చేసింది. ఆరేళ్ల పిల్ల, ఇంట్లో నాతో గుసగుసలాడుతుంది, పరాయి మనిషి గడప తొక్కితే నోరు కుట్టేసినట్టు నిలబడుతుంది. అంతే దాని జబ్బు. కానీ కోయిలకుంట్లలో మా ఇంటివాళ్లకు పిల్లలు సిగ్గుపడతారనే సంగతి తెలియదు.

"పెద్దల అమావాస్యకు బంధువులంతా వస్తారు. ఆ పొద్దుకి పిల్ల నోరు తెరిచిందా సరే. లేదంటే మైదుకూరు తావ ఒకాయన ఉండాడు, పిలిపిస్తా. వేపమండలతో మూడు దినాలు కొడితే ఏ గాలైనా వదులుతాది," అంది అత్త.

నా మొగుడు పుల్లయ్య తల వంచుకుని సంగటి ముద్ద పిసుకుతూ కూర్చున్నాడు. వాళ్లమ్మ ముందు ఆయనకూ నోరు లేదు. ఆ పూట నాకు ఆయన మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

ఇరవై రెండు రోజులున్నాయి. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. బనగానపల్లెలో నా చిన్నప్పుడు మా పంతులమ్మ బెదురు పిల్లలతో ఆటలాడించిన తీరు నాకు గుర్తుంది. మాట్లాడమని ఆమె ఎవరినీ అడిగేది కాదు. ముందు కాళ్లను కదిలించేది. చూసేవాళ్లుంటే పిల్ల బిగుసుకుపోతుంది, అందుకని తను గోడవైపు తిరిగి కూర్చునేది.

నేనూ అదే చేశాను. మధ్యాహ్నం అత్త కునుకు తీసేవేళ పిల్ల చేతికి కోలాటం కోలలిచ్చి, దంతెలూ గుంటకలూ పెట్టే గదిలో గోడవైపు తిరిగి కూర్చుని చేట మీద దరువేశాను. ఆట ఇంతే, నాలుగడుగులు ముందుకు, నాలుగు వెనక్కి, కోలలు రెండుసార్లు తాకించడం. మొదటి రోజు నా వెనక ఏ చప్పుడూ లేదు. రెండో రోజూ లేదు. మూడో రోజు కోలలు ఒక్కసారి టక్కుమన్నాయి. నేను తిరగలేదు, మెచ్చుకోలేదు కూడా. మెచ్చుకున్నా దానికి చూసినట్టే లెక్క.

తర్వాత గుడ్డల మూట విప్పి నేలమీద పోశాను. ఏది కట్టుకోవాలో నేను చెప్పలేదు. అది వాళ్లనాయన తువ్వాలు తలకు చుట్టుకుని, బొగ్గుతో మీసం దిద్దుకుంది. అప్పుడు మళ్లీ గోడవైపు తిరిగి అడిగాను ఆటలోని ఒకే ఒక్క ప్రశ్న.

"ఎవరు నువ్వు?"

చాలాసేపటికి, "రాజును," అని గాలిలాంటి మాట వినిపించింది.

వేషంలో ఉన్నంతసేపూ వేషం పేరే చెప్పాలి. ఒకరోజు రాజు, ఒకరోజు గాజులామె. తడబడితే తప్పు వేషానిది గానీ పిల్లది కాదు. రోజుకో అడుగు దూరం జరిగి అడిగేదాన్ని, అది వినపడేలా చెప్పాలి కాబట్టి గొంతు దానంతటదే పెరిగింది. చెప్పబుద్ధి కాకపోతే కాలు నేలకు కొట్టినా జవాబే. పదో రోజుకి నేను దానివైపు తిరిగి కూర్చోగలిగాను. చూసేవాళ్లు కావాలి గనక మొదట లేగదూడను ఎదురుగా కట్టేశాను, తర్వాత పాలు పోసే గురమ్మను పిలిచాను. గురమ్మ ముందు నా కూతురు "నేను రాజును!" అని అరిచినప్పుడు నేను లోపలికి పోయి ఏడ్చాను.

ఇక మిగిలింది వేషం ఒలవడం. రోజుకొకటి తీసేయాలి, ఈ రోజు మీసం, రేపు తలపాగా. ఆఖరికి మామూలు గౌనులో నిలబడి సొంత పేరు చెప్పాలి. అలా చేయకపోతే ధైర్యమంతా గుడ్డల్లోనే ఉండిపోతుందని మా పంతులమ్మ అనేది.

ఆరు రోజులుందనగా సుంకులమ్మ జొన్నల బాన వెనకనుంచి ఒక చిన్న మూట లాగింది. వెలిసిపోయిన గులాబీరంగు పరికిణి, తుప్పు పట్టిన చిన్న గజ్జెలు. ఏ ఆడబిడ్డ కూతురివో అనుకున్నాను. కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. కొత్త వేషమైతే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి, అందుకని గోడవైపు తిరిగి దరువేశాను. గజ్జెలు మోగాయి. అడుగులు నేను నేర్పినవి కాదు. ఒక కాలు ఈడుస్తున్నట్టు వినిపించింది.

"ఎవరు నువ్వు?"

"ఓబులమ్మ."

ఎంత స్పష్టంగా వచ్చిందంటే నా చేతిలో చేట ఆగిపోయింది. ఊళ్లో ఓబులమ్మలు పదిమంది ఉన్నారు, ఎవరినో అనుకరిస్తోందనుకుని సరిపెట్టుకున్నాను. అంతకంటే లోతుగా ఆలోచించడానికి నాకు భయమేసింది.

మరుసటి రోజునుంచి దానివైపే తిరిగి చూశాను. ఆట చివర అది మూడుసార్లు గిరగిరా తిరిగి, గొంతుక్కూర్చుని, రెండు చేతులూ తలమీద అడ్డం పెట్టుకునేది. ఎక్కడ నేర్చావంటే నవ్వేది. ఆ వేషం ఒలుద్దామంటే మాత్రం ససేమిరా అనేది. రోజులు అయిపోయాయి.

అమావాస్య రోజు ఇల్లంతా జనం. పెద్దలకు పెట్టిన కొత్త బట్టలు గోడవారగా పేర్చి, సాంబ్రాణి వేశారు. మైదుకూరాయన కూడా వచ్చాడు, వేపమండలు నీళ్ల బిందెలో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. నేను చేట తీసుకున్నాను. సుంకులమ్మ పరికిణి, గజ్జెలతో నడవలోకి వచ్చి, నలభైమంది ముందు నాలుగడుగులు వేసింది. వెనక్కి నాలుగు. ఒక్క అడుగు తప్పలేదు. నా గుండె పొంగింది.

నేను అడగబోయేలోపల అత్త ముందుకు తోసుకొచ్చింది. మా వైపు పూనకం వచ్చినవాళ్లను పెద్దలు అడిగే తీరొకటి ఉంది. ఆమె అలాగే, కొంగు బిగించి, అడిగింది.

"ఎవరమ్మా నువ్వు? ఏం కావాల నీకు?"

ఆ ప్రశ్నా నా ఆటలోని ప్రశ్నా ఒకటేనని అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకు. దేన్ని తప్పించాలనుకున్నానో దానికే పిల్లకు నేను తర్ఫీదు ఇచ్చాను.

"ఓబులమ్మను." పిల్ల గొంతుక్కూర్చుంది, చేతులు తలమీద పెట్టుకుంది. "కొట్టొద్దు మా. మాట్లాడతాండా గదా."

మైదుకూరాయన మండలు తీసుకుని లేచాడు. నేను అడ్డం పోయేంతలో అత్త నేలమీద కూలబడింది.

"ఆ మాటే అనింది," అంది అత్త. "మూడో దినం ఆ మాటే అనింది నా బిడ్డ. ఇంగ మాట్లాడలే."

తన మొదటి కూతురట. ఏడేళ్లది, కాలు కుంటి, ఎవరితోనూ మాట్లాడేది కాదు. గాలి వదిలించబోతే ప్రాణం వదిలింది. పేరు ఓబులమ్మ. ఆ ఇంట్లో ఎనిమిదేళ్లు కాపురం చేసిన నాకు ఆ పేరు ఎవరూ చెప్పలేదు. నా మొగుడికి కూడా తెలియదు.

"ఆయప్పను పంపించేయండి. ఈ బిడ్డను ఎవురూ తాకొద్దు!" అని అత్త అరిచింది.

నేను పిల్ల దగ్గర కూర్చుని గజ్జెలు విప్పాను. ఎవరు నువ్వు అని అడిగాను. పరికిణి బొందు విప్పి కింద ఉన్న గౌను సర్దాను. మళ్లీ అడిగాను. పిల్ల చేతులు మెల్లగా తలమీదనుంచి దిగాయి. చుట్టూ ఉన్న మొహాలన్నీ ఒక్కొక్కటే చూసింది.

"సుంకులమ్మను," అంది. అరుగు చివరిదాకా వినిపించింది.

అత్త ఆ పరికిణిని పెద్దల బట్టల మీద పెట్టి దండం పెట్టుకుంది.

ఆ సాయంత్రం జడ వేస్తూ కూతురిని అడిగాను, ఓబులమ్మ పేరు నీకు ఎవరు చెప్పినారు, అవ్వ చెప్పిందా అని. తల అడ్డంగా ఊపింది.

"ఆ పాపే చెప్పింది. నువ్వు ఎవురని అడిగితివి, నాకంటే ముందు చెప్పేసింది. గజ్జెలు దొరికిన ఆ పొద్దు నేను ఆడలేదు మా, మూలన కూచుంటి. ఇటు తిరిగింటే నీకూ కనపడేది గదా."