రెండు గిన్నెల తగువు

గణపతిరావు నోరు మంచిది కాదని పలాస ఆసుపత్రిలో అందరికీ తెలుసు. మందస నుంచి రోజూ బస్సులో వస్తాడు, బస్సు దిగేలోపు రెండు అబద్ధాలైనా పుట్టిస్తాడు. తన తాత సముద్రంలో సొరచేపను చెవి పట్టుకుని ఒడ్డుకు ఈడ్చాడని చెప్పేవాడు. సొరచేపకు చెవులేవీ అంటే, తాత పీకేశాక మరి మొలవలేదనేవాడు. అలాంటివాడి చేతిలో రక్తం గడ్డకట్టే తీరు చూపించే యంత్రం పెడితే దాని మాట ఎవడు నమ్ముతాడు? సర్జన్ బాలకృష్ణ అసలే నమ్మడు.

"వచ్చాడండీ జ్యోతిష్కుడు," అన్నాడాయన ఆ మధ్యాహ్నం, గణపతిరావు థియేటర్ గుమ్మంలో కనిపించగానే. "ఏం చెప్తోంది నీ చిలక?"

"సిలక ఇంకా కార్డు తియ్యలేదు బాబూ. ఆరు నిమిషాలాగండి."

బల్ల మీద ఉన్నది రాజులమ్మ. జీడిపప్పు బట్టీలో పని, వయసు నలభై ఆరు. మూత్రపిండాలు రెండూ పోయి వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి వస్తుంది. ఆ ఉదయం కాశీబుగ్గ దగ్గర ఆటో బోల్తాపడి ప్లీహం చితికింది. బాలకృష్ణ దాన్ని తీసేశాడు. తీసేసి ముప్పావు గంటయినా కడుపులో ఎడమపక్క నెత్తురు ఊరుతూనే ఉంది. గుడ్డలు పెట్టి అదుముతున్నాడు, తీస్తున్నాడు, మళ్లీ అదుముతున్నాడు.

గణపతిరావు పక్కగదిలోకి పోయి యంత్రం ముందు కూర్చున్నాడు. వేలెడంత గిన్నెలు రెండు. వాటిలో రాజులమ్మ రక్తం, అరచెంచాకి తక్కువే. ఒంటి వేడికి సమానంగా వెచ్చబెట్టి, గిన్నెను అటూ ఇటూ కొంచెం కొంచెం తిప్పుతుంది యంత్రం. మధ్యలో తీగకు వేలాడే చిన్న పుల్ల. రక్తం నీళ్లలా ఉన్నంతసేపూ పుల్ల కదలదు, తెర మీద ఒకటే సన్నగీత. గడ్డ పుట్టగానే అది పుల్లనూ తనతో పాటు ఊపుతుంది, గీత రెండుగా విచ్చుకుంటుంది. ముందు తోక, వెనక పొట్ట, అచ్చం చేపలా. తోక పొడుగైతే గడ్డ ఆలస్యం. పొట్ట సన్నమైతే గడ్డ బలహీనం.

పన్నెండు నిమిషాలయింది. మామూలు గిన్నెలో గీత రైలుపట్టాలా సాగిపోతూనే ఉంది. రక్తం అసలు గట్టిపడడం లేదు. రెండోది నీలం గిన్నె. దాని లోపల హెపారిన్‌ను తినేసే మందు పూసి ఉంటుంది. డయాలిసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా వాడేది ఆ హెపారినే. నీలం గిన్నెలో ఆరో నిమిషానికే చేప పుట్టి పొట్ట పెంచేస్తోంది.

పక్కగది అద్దంలోంచి మామూలు గిన్నె గీత చూసి బాలకృష్ణ గొంతు లేపాడు. "చూశారా మేడం! గీత కదల్లేదు. నా కుట్లలో తప్పేం లేదు, దీని రక్తమే చచ్చింది. గడ్డకట్టించే ప్లాస్మా ఆరు సంచులు కరగబెట్టమనండి."

మత్తు డాక్టరు ప్రమోదిని రాజులమ్మ తలవైపు నుంచి లేచింది. "చుక్క మూత్రం రాని మనిషండీ. ఆరు సంచులు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. మునిగిపోతుంది."

"పోయకపోతే ఇక్కడ మునుగుతుంది. ఏది కావాలో మీరే చెప్పండి!"

గణపతిరావు గుమ్మంలోకి వచ్చాడు. "రెండో గిన్నె సూడండి బాబూ. అందులో బాగానే కడతంది. అది ఎపారిన్ పని."

"అయితే హెపారిన్‌కి విరుగుడు ఇచ్చేద్దాం. దానికింత రాద్ధాంతమా?"

"ఒంట్లో ఉంటే కదా ఇవ్వడం! డయాలిసిస్ నిన్న పొద్దున్న సేసినారు. ఇంతసేపు ఉండిపోద్దేటి?" గణపతిరావు నర్సు వైపు తిరిగాడు. "జయశ్రీ, నిజివే సెప్పు. రగతం ఎక్కడ తీసినావమ్మా?"

జయశ్రీ కళ్లు చిట్లించింది. ఆమెది కవిటి. తొమ్మిదేళ్లు డయాలిసిస్ వార్డులోనే చేసింది. "ఎక్కడేటి? మెడ లైన్లోంచి. కిడ్నీ మనిషి సెయ్యి పొడుత్తామా? రేపు సెయ్యి నరంతో అవసరం పడదా? మా వార్డులో సెయ్యి ముట్టుకుంటే సిస్టర్ కొరికేత్తాది."

కిడ్నీ జబ్బుల ఉద్దానంలో నర్సులకు ఇది వేదం. చేతి నరాలు ముందుముందు డయాలిసిస్‌కి దాచాలి, సూది గుచ్చకూడదు. తప్పు లేదు. కానీ డయాలిసిస్ కోసం మెడ నరంలో పెట్టిన ఆ గొట్టం మూసుకుపోకుండా ప్రతిసారీ అందులో చిక్కటి హెపారిన్ నింపి మూత బిగిస్తారు.

"ముందొచ్చింది పారబోసినావా?"

"ఏటి, నన్ను దొంగలా నిలదీత్తన్నావు? అరుపుల్లో అంత తీరికేదీ?"

"అదీ సంగతి! మనం సూసింది రాజులమ్మ రగతం కాదు, గొట్టంలో మందు."

"నీ కథలాపు," అన్నాడు బాలకృష్ణ. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. "బయటికి ఫో!"

"ఎల్తాను. కొత్త రగతం ఇచ్చేయండి, ఎల్తాను."

ప్రమోదిని ఎవరి అనుమతీ అడగలేదు. తొడ దగ్గర నాడి వెతికి సూదితో రక్తం తీసి గణపతిరావు చేతిలో పెట్టింది. "లేని హెపారిన్‌కి విరుగుడిస్తే ఆ విరుగుడే రక్తాన్ని పలచన చేస్తుంది డాక్టర్ గారూ. ఓ పావుగంట అదిమి పట్టుకోండి. ప్లాస్మా కరగడానికి ఎలాగూ అరగంట పడుతుంది."

"ఈవిడ పోతే రిపోర్టులో మీ పేరే రాస్తాను."

"రాయండి. స్పెల్లింగ్ నేను చెప్తాను."

కొత్త రక్తంతో రెండు గిన్నెలూ మళ్లీ తిరిగాయి. గణపతిరావు నిమిషాలు లెక్కపెట్టాడు. నాలుగు. అయిదు. ఆరు దాటింది. మామూలు గిన్నెలో గీత చివర సన్నగా చీలింది, నీలం గిన్నెలోనూ చీలింది. మరో పది నిమిషాలకు రెండు చేపల పొట్టలూ యాభై మిల్లీమీటర్లు దాటాయి. కవలపిల్లల్లా ఉన్నాయి.

"గడ్డ గట్టిగుంది బాబూ," అన్నాడు గుమ్మంలోంచి. "ప్లాస్మాతో పని లేదు."

"కిడ్నీ రోగుల ప్లేట్‌లెట్లు మొద్దుబారి ఉంటాయిరా! అది నీ డబ్బాకి కనపడదు."

"నిజివే, కనపడదు. ఒప్పుకుంటన్నాను."

"దానికి మందు గంట క్రితమే ఇచ్చాను," అంది ప్రమోదిని. "అదే అయితే కోసిన అంచులు, సూది గుచ్చిన చోట్లు, అన్నీ చెమర్చాలి. ఎక్కడా చెమర్చలేదు. ఒక్క మూలే నిండుతోంది. అక్కడ ఏదో నాళం తెరుచుకుని ఉంది, వెతకండి."

బాలకృష్ణ ఆమె వైపు చూసిన చూపుకి పచ్చిజీడి నూనె తగిలినట్టు ఒళ్లు పొక్కాలి. కానీ చేతులు గుడ్డల్ని ఒక్కొక్కటే తీశాయి. జీర్ణాశయం పై అంచును లాగి దీపం తిప్పించాడు. అక్కడ, గడ్డిపరకంత నాళం ఒకటి. దానికి తానే వేసిన ముడి జారిపోయి పక్కన వేలాడుతోంది. నాళం గుండె కొట్టుకున్నప్పుడల్లా చిమ్ముతోంది.

బాలకృష్ణ దాన్ని పట్టి, కట్టి, మళ్లీ కట్టాడు. అయిదు నిమిషాలు చూశాడు. మూల పొడిగానే ఉంది.

బయట రాజులమ్మ మొగుడు సన్యాసిరావు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బాలకృష్ణ మాస్కు దించి, "రక్తం గడ్డకట్టక చాలా ఇబ్బంది పడ్డాం. అదుపులోకి తెచ్చాను. బతుకుతుంది," అని చెప్పాడు.

సన్యాసిరావు ఆయనకు దండం పెట్టి, వెనకే వస్తున్న గణపతిరావుని పట్టుకున్నాడు. "ఏటిరా, ఉన్న నెత్తురంతా నీ మిషన్లోకే తోడేసినావంట! మా ఆడదాని నెత్తురేటి, నీ అబ్బ సొమ్మేటి?"

గణపతిరావు నోటిదాకా జవాబొచ్చింది. దాన్ని మింగేసి, రెండు పరీక్షల గీతలూ అచ్చయిన రెండు కాగితాలూ కేసు ఫైల్లో పెట్టాడు. మొదటి దాని మీద 'మెడ లైను', రెండో దాని మీద 'తొడ', పక్కన టైములు.

"మొదటిది చాలు," అన్నాడు బాలకృష్ణ. "రెండోది తీసెయ్."

"తియ్యను బాబూ."

"నీ ఉద్యోగం తీసేస్తాను."

"అది తీసుకోండి. కాయితం ఉండనివ్వండి."

సర్జన్ ఆ కాగితాన్ని ఫైల్లోనే వదిలేశాడు. ఫైలు మూసి గణపతిరావు ఛాతీకేసి నెట్టాడు.

"గంట తర్వాత ఇంకోటి పెట్టు. రక్తం నేనే తీస్తాను. నిన్ను నమ్మను, ఆ నర్సునీ నమ్మను."

"మంచిది బాబూ. మీరు ఎక్కడ తీసినారో నాను రాసుకుంటాను," అన్నాడు గణపతిరావు, జేబులోంచి పెన్ను తీస్తూ.