ఇస్నాపూర్ గదిలో బెంగళూరు జీతం

భార్య పోయిన మరుసటి ఏడు, 2008లో, భీమశంకరం ఇంటి నుంచే పనిచేయడానికి బెంగళూరు కంపెనీ ఒప్పుకుంది. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో వివరిస్తూ పుస్తకాలు రాయడం అతని ఉద్యోగం. జీతం పైసా తగ్గించలేదు. అతను హైదరాబాదు శివారు ఇస్నాపూర్‌లో ఫ్యాక్టరీ కార్మికుల కోసం కట్టిన వరస గదుల్లో చివరిది తీసుకున్నాడు.

బెంగళూరులో కట్టిన తొమ్మిది వేల కిరాయి ఇక్కడ పన్నెండు వందలకు దిగింది. కిరాయి తగ్గేసరికి ఇంటద్దె భత్యం మీద పన్ను మినహాయింపు పోయింది. బ్రాడ్‌బ్యాండు, ఇన్వర్టరు ఖర్చులు మీద పడ్డాయి. అయినా నెలకు ఆరు వేలు మిగిలేచోట పదమూడు వేలు మిగులుతున్నాయి. ఆరేళ్లు ఓపిక పడితే సొంతంగా ఒక చిన్న ఫ్లాటు.

పొద్దున్నే వరసంతా షిఫ్టుకు వెళ్లిపోయేది. తలుపు మూసుకుని ఒక్కడే మిగిలే మనిషిని చూసి, గదుల యజమానురాలు నర్సింహమ్మ అతని ఉద్యోగం ఊడిందని తీర్మానించుకుంది. మధ్యాహ్నం జొన్నరొట్టె తెచ్చి, తిన్నావా అని అడిగి పోయేది. ఆ రోజుకు అతను విన్న మనిషి గొంతు అదొక్కటే. నిజం తెలిస్తే కిరాయి పెంచుతుందన్న భయం ఒకటి, రొట్టె ఆగిపోతుందన్న దిగులు ఒకటి. అతను నోరు విప్పలేదు.

ఒకనాడు ఆమె గడపలో నిలబడి సంబరంగా చెప్పింది.

"బిడ్డా, లేబర్ కాంట్రాక్టరు లింగంతోని మాట్లాడిన. మందుల కంపెనీల ప్యాకింగ్ పని. సోమారం నుంచి రమ్మన్నడు."

ఆ పని నిజానికి ఆమె తమ్ముడి కొడుకు చిన్నరాములు కోసం అడిగి పెట్టుకున్నదట. వాడికి తల్లీదండ్రీ ఉన్నారు, ఇతనికి ఎవరూ లేరు గనుక మార్పించిందట.

ఇక అబద్ధం మోయడం అతని వల్ల కాలేదు. ఉద్యోగం ఉందని, జీతం ఇంతని చెప్పేశాడు. ఆమె గడప మీద కూర్చుండిపోయింది.

"ఇంట్ల కూసుంటే గన్ని పైసలిస్తరా?"

"పని చేస్తేనే, అమ్మా. ఏ ఊర్లో కూసుని చేసినా వాళ్లకు ఒకటే."

"మరి గిన్ని దినాలు ఎందుకు సెప్పలే?"

"కిరాయి పెంచుతరేమోనని."

ఆమె చూపులో కోపం లేదు.

"కిరాయి గదికి సారూ, మీ జీతానికి గాదు," అని లేచి, పని మళ్లీ చిన్నరాములుకే ఇమ్మని లింగానికి చెప్పడానికి వెళ్లింది.

మరుసటి నెల అతను మూడు వందలు ఎక్కువిస్తే వెనక్కి ఇచ్చేసింది. మిగులు పదమూడు వేలు అలాగే ఉంది. అతను మధ్యాహ్నాలు తలుపు తెరిచే ఉంచాడు. రొట్టె పట్టుకుని ఎవరూ గడప దాకా రాలేదు. బయట పిల్లలు ఆడుకుంటుంటే నర్సింహమ్మ మెల్లగా అదిలించడం వినిపించింది.

"సప్పుడు జెయ్యకుండ్రి. లోపల సారు పని చేస్తున్నడు."

పిల్లలు దూరంగా వెళ్లిపోయారు. అతనికి ఆ పూట పని తొందరగానే అయిపోయింది.