వదలకూడని క్లాసు

విచారణ గురువారమని యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. ఎన్నిసార్లు చదివినా నీలవేణికి తలాతోకా తెలియలేదు. ఆమె రాసిన హోంవర్కు ప్రోగ్రాము అడిగి తీసుకుని, పైపైన మార్చి తనదిగా క్లాసులో ఇచ్చింది రూమ్మేట్ తన్మయి. విచారణ మాత్రం ఇద్దరికీ. ఉప్పూపప్పూ పంచుకున్నట్టే ప్రోగ్రాములూ పంచుకునే ఇల్లు అది. లేదంటే పిసినారి అంటారు.

"ఇచ్చినోళ్ళదీ తప్పేనంట," అంది తన్మయి గిన్నెలు తోముతూ, ఇటు తిరక్కుండా. "చూస్తానంటే నువ్వే పంపినవ్ కదనే."

"చూస్తానంటే పంపిన. చూసుడంటే ఇదా?"

సీనియర్ ధనుంజయ్ పక్కింటినుంచి వచ్చి సోఫాలో చతికిలబడ్డాడు. "సస్పెండ్ చేస్తే వీసా గోవిందా. ఆ కోర్సు డ్రాప్ కొట్టు చెల్లే. కోర్సే లేకపోతే విచారణేంది?"

నీలవేణికి అదే దారనిపించింది. కానీ డ్రాప్ చేయబోతే, విదేశీ విద్యార్థులు ముందు సలహాదారుని కలవాలని తెర మీద వచ్చింది. వెళ్ళి, కోర్సు వదిలేస్తానంది. వీసా రికార్డులు చూసే సలహాదారు కేరెన్ లిండ్‌క్విస్ట్ కాఫీ కప్పు పక్కన పెట్టింది.

"ఎవరమ్మా నీకీ సలహా ఇచ్చింది?"

"మా సీనియర్."

"అతని సలహాలు వంట వరకే తీసుకో. కోర్సు వదిలినా విచారణ ఆగదు. పైగా నీకున్నవి మూడు కోర్సులే. నా అనుమతి లేకుండా ఒకటి వదిలితే ఫుల్‌టైం విద్యార్థివి కాకుండా పోతావు. అప్పుడు పోయేది నీ వీసా స్టేటసే."

"మరి విచారణతో పోదా?"

"విచారణ జరిగినందుకు పోదు. సస్పెండ్ చేస్తే మాత్రం నీ రికార్డు నేనే మూయాలి, నువ్వు దేశం వదిలి వెళ్ళిపోవాలి. చేస్తారో లేదో నాకు తెలియదు."

నీలవేణి వచ్చినప్పటికన్నా ఎక్కువ అయోమయంతో బయటపడింది.

లాప్‌టాప్‌లోంచి తన్మయే కాజేసిందని చెప్పమన్నాడు ధనుంజయ్. గురువారం విచారణ కమిటీలోని ఇద్దరు ప్రొఫెసర్లు, ఒక విద్యార్థిని ఎదురుగా కూర్చున్నారు. తోడు వచ్చిన కేరెన్‌కు అక్కడ మాట్లాడే హక్కు లేదు.

"ఈ ప్రోగ్రాము తన్మయి చేతికి ఎలా వెళ్ళింది?" అడిగారు.

కాజేసిందంటే తన్మయి సస్పెండవుతుంది. ఇచ్చానంటే తనకేమవుతుందో తెలియదు. నీలవేణి కేరెన్ వైపు చూసింది. ఆమె బల్ల వైపు చూస్తోంది.

"నేనే పంపాను. మా ఇంట్లో అందరం పంపుకుంటాం. తప్పని తెలియదు. కాదు, కొంచెం తెలుసు."

విద్యార్థిని తలవంచుకుని ఏదో రాసుకుంది.

మర్నాటికి తీర్పు వచ్చింది. ఇద్దరికీ ఆ కోర్సులో ఫెయిల్, హెచ్చరిక. సస్పెన్షన్ లేదు. నీలవేణి కేరెన్ గదికి పరుగెత్తింది.

"ఫెయిలైన క్లాసుకు ఇంక పోవాలా?"

"డ్రాప్ చేయకు. పేరు అందులోనే ఉండనీ. వెళ్ళి కూర్చో."

"ఎందుకు?"

"ఇక్కడ ఉండటానికి," అంది కేరెన్.

సోమవారం నీలవేణి వెళ్ళి కూర్చుంది. తన్మయి వచ్చి, పక్క కుర్చీలో కూర్చోవాలో వద్దో తెలియక నిలబడింది. నీలవేణికీ తెలియలేదు. కాసేపటికి ఆ కుర్చీ మీది తన బ్యాగు తీసి కింద పెట్టింది.