సిగ్నల్ లేని దారిలో పాట

యమున ఫోను స్విచ్చాఫ్ అయి బీరువాలో ఉంది. తాళంచెవి మా కోడలు విజయ కొంగుకు ఉంది. అయినా యమున కాటారం రోడ్డు మీద ఒక్కతే నడుస్తూ నవ్విందని పక్క క్వార్టరు రాజీ వచ్చి చెప్పింది.

"చెవులల్ల తెల్లటియి పెట్టుకున్నదక్కా. చేతి వాచి మీద ఒత్తుకుంట, నవ్వుకుంట పోతాంది. నేను ఎదురుంగ పాల క్యాను పట్టుకోని నిలవడితే నన్ను గూడ చూడలే."

"విన్నవా మామా?" అంది విజయ నాతో.

విన్నాను.

యమున నా కొడుకు ఐలేశ్ బిడ్డ. అడవి శాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి పరీక్ష రాసింది, పాసైంది. ఇక నడక పరీక్ష ఉంది. ఆడపిల్లలు పదహారు కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడవాలి. దానికోసం రోజూ తెల్లవారగానే భూపాలపల్లి దాటి అడవి దారి పట్టి నడుస్తోంది. ఐలేశ్ బొగ్గుబాయి డ్యూటీలు మారుతూ ఉంటాయి, వెంట పోవడానికి వీలుపడదు.

ఫోను బీరువాలోకి పోవడానికి కారణం శ్రావణ్. యమునతో పాటు ఇక్కడ కోచింగు తీసుకున్న పిల్లవాడు. ఊరు నెల్లికుదురు. కోచింగు అయిపోయి ఇంటికి పోయాక కూడా ఫోను చేస్తూనే ఉన్నాడు. విజయ రెండుసార్లు చూసింది. మూడోసారి ఫోనే తీసుకుంది. యమున గొడవ పెట్టుకోలేదు. ఫోను జేబులో ఎగురుతుంటే నడవడం కష్టం, వాచి ఒక్కటి చాలు అంది. అంత తొందరగా ఒప్పుకోవడమే నాకు నచ్చలేదు.

యమున స్నానం చేసి రాగానే విజయ వాచి పట్టుకుని అడిగింది.

"దీంట్ల ఎవ్వనితోటి మాట్లాడుతానవు?"

"వాచిల సిమ్ము లేదమ్మా. ఫోను దగ్గరుంటేనే దీనికి కాల్ వస్తది. ఫోను నువ్వు బందు వెట్టినవు గద."

"మరి పాటలెట్ల వస్తానయ్?"

"ముందుగాలనే ఎక్కించిన. పాటలు వాచిలనే ఉన్నయ్. చెవుల పెట్టుకునే బడ్సు గూడ వాచికే కలుస్తయ్, ఫోనుకు కాదు. నెట్టు లేకున్నా వస్తయ్."

"మొన్న చార్జింగుల ఉంటే దాని మీద బాణం గుర్తు తిరిగింది. నేను చూసిన. ఫోను లేకుంట అదేం చేస్తాంది?"

యమున తల తుడుచుకోవడం ఆపింది. "ఫోను బందుంటే వాచి వైఫైకి దానికదే కలుస్తదమ్మా. చార్జింగుల పెడితే లిస్టుల కొత్తగ వచ్చినయి దించుకుంటది. గంతే."

"గంతేనట," అంది విజయ నావైపు తిరిగి. "ఎంత తేలిగ్గ చెప్తాందో చూడు మామా. రేపటిసంది నువ్వు దీని వెంట పో. ఎవ్వనితోనన్న మాట్లాడినట్టు తెలిస్తే నడక బందు. జనగామల మా తమ్ముని బట్టల దుకాణంల కూసోవెడ్త. ఉద్యోగం గిద్యోగం ఏమద్దు."

"పరీక్ష ఇంక పదిహేను రోజులే ఉన్నదమ్మా," అంది యమున మెల్లగా.

"అయితే పదిహేను రోజులు సక్కగుండు."

నాకు ఒక మాట లోపల గుచ్చుకుంది. లిస్టులో కొత్తగా వచ్చినవి అంది. ఫోను బీరువాలో ఉండగా కొత్త పాట లిస్టులోకి ఎవరు పెట్టారు? విజయకు ఆ మాట తట్టలేదు. నేను అడగలేదు. నాలా బొగ్గుబాయిలో పనిచేసినవాళ్లకు పైకప్పు చిన్నగా చిట్లినా చెవి అటే ఉంటుంది. అందరికీ చెప్పి పరుగు పెట్టించే ముందు ఇంకోసారి వింటారు.

తెల్లవారి యమున ముందు నడిచింది. నేను టీవీఎస్ మోపెడ్ మీద కొంచెం వెనక. ఊరు దాటేదాకా ఆమె చేతుల్ని చూశాను. వాచి మీద ఒకసారి ఒత్తింది, వదిలేసింది. పెదవులు కదులుతున్నాయి. మాటలా పాటా అని తెలియలేదు. ఎదురుగా ఒక బైకు వస్తే దాన్ని చూశాను. వెనక నుంచి ఆటో వస్తే దాన్నీ చూశాను. ఏదీ ఆగలేదు.

నడక మొదట మెత్తగా ఉంది. కొంత దూరం పోయాక జోరందుకుంది. చెట్లు దగ్గరయ్యే చోట ఇంకా జోరైంది. ఎవరో గడియారం చూసి "ఇప్పుడు లేపు" అన్నట్టు, సరిగ్గా ఒక్కో చోట కాలు మారుతోంది. నాకు అనుమానం ఎక్కువైంది.

మోపెడ్ పక్కకు తెచ్చి ఆపాను.

"ఒకటి నా చెవుల పెట్టు."

యమున నవ్వింది. "నమ్మవా తాతా?"

"పెట్టు."

ఒక బడ్ తీసి పెట్టింది. డప్పు మీద పాట. మాట ఏమీ లేదు. అయినా నాకు సరిపోలేదు. నన్ను చూసి మాట ఆపి పాట పెట్టి ఉండొచ్చు. నా బటన్ల ఫోను తీసి చూశాను. సిగ్నల్ రెండు గీతలుంది.

"ఇంక ముందుకు పో," అన్నాను. "బడ్డు నా దగ్గరనే ఉండనీ."

"దూరం పోతే తెగుతది తాతా. పక్కన్నే రావాలె."

మోపెడ్ స్టాండు వేసి దిగాను. దాన్ని ఒక చెట్టుకింద వదిలి ఆమె పక్కన నడిచాను. ముసలి కాళ్లు, ఆమె నా కోసం మెల్లగా నడవాల్సి వచ్చింది. అడవి చిక్కబడింది. ఫోను మళ్లీ తీశాను. గీతలు లేవు. నో సర్వీస్ అని అక్షరాలు వచ్చాయి. ఆ దారిలో టవరు అందదు, కట్టెలకు పోయేవాళ్లందరికీ తెలుసు.

పాట ఆగలేదు. అది అయిపోయి ఇంకొకటి వచ్చింది. అదీ ఆగలేదు.

ఆ పిల్ల నిజమే చెప్పింది. గాలిలోంచి వచ్చే పాట కాదు, చేతికి కట్టుకుని మోసుకొచ్చిన పాట.

"చాలా తాతా?" అంది.

"చాలు," అని బడ్ తీయబోయాను. అప్పుడే ఇంకో పాట మొదలైంది. మెత్తగా, గొంతు ఒక్కటే, కింద చిన్న తంబూర. యమున ఆగిపోయింది. వాచి వైపు చూసింది. ఆమె ముఖంలో ఒక నవ్వు వచ్చింది, వెంటనే దాచుకుంది. రాజీ చూసింది ఆ నవ్వునే అయి ఉంటుంది.

"గిది నువ్వు పెట్టినదేనా?"

యమున వాచి మీద చెయ్యి కప్పింది.

"ఫోను బీరువల ఉన్నది. కొత్తది ఎట్లొచ్చింది?"

"చెప్పిన గద తాతా. వైఫైకి..."

"వాచి ఎట్ల దించుకున్నదో చెప్పినవు. ఎవ్వలు పెట్టిండ్రో చెప్పలే."

దారి పక్కన తూము గోడ మీద కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను.

"కోచింగుల ఉన్నప్పుడు చేసిన లిస్టు తాతా. నేను పెట్టొచ్చు, శ్రావణ్ పెట్టొచ్చు. ఆయన అక్కడ ఆయన ఫోనుల పెడితే, ఇక్కడ నా వాచి చార్జింగుల ఉన్నప్పుడు దించుకుంటది. ముందు మెల్లటియి, మధ్యన జోరుయి, వరుసగ పెడ్తడు. నేను ముందుగాల ఉరికి, ఆఖరుకు అలిసిపోతాన గద. గందుకు." కొంచెం ఆగింది. "గీ పాట మాత్రం నడకకు కాదు."

"మాట్లాడుకుంటాండ్రా?"

"ఫోను పోయినసంది ఒక్క మాట లేదు. నేను ఉన్ననో లేదో గూడ ఆయనకు తెల్వది. ఉత్తగనే పెడ్తాండు."

ఆ గొంతు నా చెవిలో పాడుతూనే ఉంది. తీసి ఆమె చేతిలో పెట్టాను.

"మీ అమ్మ అడుగుతది. నేను అబద్ధమాడ. అడుగనిది చెప్ప."

"మా అమ్మ అడుగకుంట ఉంటదా?" అంది యమున.

ఉండలేదు. గుమ్మంలోనే ఎదురైంది.

"మాట్లాడిందా మామా?"

"లేదు. టవరు లేని కాడ గూడ పాట ఆగలే. పాటలు వాచిలనే ఉన్నయ్."

విజయ భుజాలు దిగాయి. చెంబుతో నీళ్లిచ్చింది. నేను తాగేదాకా ఆగింది. తాగడం అయిపోయాక మళ్లీ ముఖం బిగిసింది.

"మరి బాణం గుర్తు తిరిగి దించుకున్నది గద. ఆ కొత్తయి ఎవ్వలయి?"

చెంబు కింద పెట్టాను. విజయ నన్ను చూస్తోంది. నేను యమునను చూశాను.

"శ్రావణ్ పెట్టినయమ్మా," అంది యమున. "తాతను అడుగకు. నేనే చెప్తాన." లిస్టు సంగతి అంతా చెప్పింది. తూము గోడ మీద చెప్పినట్టే. ఆ ఒక్క పాట మాట తప్ప.

విజయ అరవలేదు. అరిస్తే బాగుండేది అనిపించింది. లోపలికి పోయి బీరువా తీసింది. ఫోను ఆన్ చేసి బిడ్డ చేతికిచ్చింది.

"నా ముందలనే తీసెయ్. వాన్ని తీసెయ్, వాడు పెట్టినయి తీసెయ్. తీస్తే రేపు నడువు. తియ్యకుంటే జనగామ బస్సెక్కు. నీ ఇష్టం."

యమున తలవంచుకుని ముందు లిస్టులోంచి అతన్ని తీసేసింది. తర్వాత పాట వెనక పాట తీసింది. ప్రతి పాట పక్కన పెట్టినవాళ్ల బొమ్మ ఉంటుందట, విజయ వేలు పెట్టి చూపిస్తూ పోయింది. "గిది. గిది గూడ. ఆగు, పైన ఒకటి మిగిలింది." చివరికి లిస్టు చాలా పొట్టిగా అయింది. విజయ ఫోను తీసుకుని బందు చేసి బీరువాలో పెట్టింది.

"వాచిలకెళ్లి గూడ పోతయా?"

"చార్జింగుల పెట్టి వైఫై అందితే పోతయమ్మా. లిస్టుల లేనిది దాంట్ల ఉండదు."

"అయితే నా ముందల చార్జింగు పెట్టు."

పెట్టింది. పెట్టే ముందు వాచి మీద పైనుంచి కిందకు ఒకసారి గీసి ఏదో ఒత్తింది. విజయ కూరలో ఉప్పు చూడడానికి పోయింది. నేను దగ్గరికి పోయి చూశాను. వాచి ముఖం మీద చిన్న విమానం బొమ్మ వెలుగుతోంది. బాణం గుర్తు తిరగడం లేదు.

అదేమిటని అడగలేదు. విమానంలో కూర్చున్నవాళ్లు ఫోనులో ఆ బొమ్మ ఒత్తుతారని, ఒత్తితే బయటి దేనితోనూ అది కలవదని ఐలేశ్ ఎప్పుడో చెప్పాడు. కలవకపోతే తీసేసిన సంగతి వాచికి తెలియదు. తెలియకపోతే పాత పాటలు ఉన్నచోటే ఉంటాయి. ఆ మాత్రం లెక్క నాకు వచ్చింది.

తెల్లవారి బయలుదేరుతుంటే విజయ అరుగు మీదికి వచ్చింది.

"మామా, వాని పాటలు పోయినయా?"

"నీ ముందలనే తీసింది గద ఫోనులకెళ్లి," అన్నాను.

"నేను వాచి సంగతి అడుగుతాన."

మోపెడ్ కిక్కు కొట్టాను. రెండోసారికి గానీ స్టార్టు కాలేదు. ఆ చప్పుడులో విజయ ఇంకేదో అంది. యమున అప్పటికే మలుపు దగ్గరికి పోయింది. విజయ నన్నే చూస్తూ నిలబడింది. ఆ చూపు ఇంతకుముందు బిడ్డ మీద ఉండేది.

రోడ్డు మీద ఎప్పటిలాగే వెనక పోయాను. బైకులను చూశాను, ఆటోలను చూశాను. అలవాటు పోలేదు. ఇంటి వైఫై అందని దూరం వచ్చాక యమున వాచి మీద మళ్లీ గీసి ఆ విమానం బొమ్మ తీసేసింది, బడ్స్ చెవుల్లో పెట్టుకుంది. ఒక్కసారి కూడా వెనక్కు తిరగలేదు, నేను కూడా పిలవలేదు. మొదట మెత్తగా నడిచింది. చెట్లు దగ్గరయ్యే చోటికి రాగానే కాలు జోరందుకుంది. నేను మోపెడ్ రేజు పెంచాను.